పల్లెటూరి బడిలో పీఈటీ ఉద్యోగానికి దరఖాస్తు ఉత్తరం రాయడం ఎలా

మీరు వ్యాయామ విద్యలో డిగ్రీ ఇప్పుడే పూర్తి చేశారు. ఒక పల్లెటూరి బడిలో పీఈటీ పోస్టు ఖాళీగా ఉందని తెలిసింది. దరఖాస్తు రాయడానికి కూర్చున్నారు. చాలామంది చేతికి మొదట వచ్చే వాక్యం ఇలా ఉంటుంది: "నాకు చిన్నప్పటి నుంచి ఆటలంటే ప్రాణం." దాన్ని అక్కడితో ఆపి కొట్టేయండి. ఆ పోస్టుకు దరఖాస్తు పెట్టే ప్రతి ఒక్కరికీ ఆటలంటే ప్రాణమే. హెడ్మాస్టరుకు ఆ వాక్యం వల్ల మీ గురించి కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

చిన్న బడి హెడ్మాస్టరు మీ ఉత్తరం తెరిచినప్పుడు ఆయన మనసులో ఉండే ప్రశ్నలు వేరు. ఇక్కడ ఉన్నవి రెండు మూడు బంతులు, ఈ మనిషి నలభై మంది పిల్లల్ని ఎలా ఆడిస్తాడు? పిల్లవాడు కింద పడి తలకు దెబ్బ తగిలితే ఏం చేస్తాడు? చేరాక నిలుస్తాడా, పట్నంలో ఉద్యోగం దొరగ్గానే వెళ్లిపోతాడా? బడిలో పీఈటీ ఒక్కరే ఉంటారు కాబట్టి, పక్కన నిలబడి నేర్పే సీనియరు ఉండడు. ఒంటరిగా నెట్టుకొస్తాడా అన్నది నాలుగో ప్రశ్న, అనుభవం లేని మీలాంటి వాళ్ల విషయంలో ఆయన భయమంతా అదే. మీ ఉత్తరం ఈ నాలుగింటికి జవాబు చెబితే చాలు. ఒక్క పేజీ దాటనక్కర్లేదు.

ముందు బడి గురించి తెలుసుకోండి

కలం పట్టే ముందు బడికి ఒక ఫోన్ చేయండి, లేదా వీలైతే వెళ్లి చూసి రండి. ఫోన్ అయితే ఆఫీసులో గుమాస్తా ఎత్తుతారు. "నమస్కారం అండీ, పీఈటీ పోస్టుకు దరఖాస్తు పెడుతున్నాను, బడి గురించి రెండు మూడు విషయాలు అడగొచ్చా?" అంటే చాలామంది చెబుతారు. పదీ పదిహేను ప్రశ్నలతో ఆయన పని చెడగొట్టకండి. ఎంతమంది పిల్లలు, పెద్ద తరగతిలో ఎందరు, పీరియడ్ ఎన్ని నిమిషాలు, మైదానం ఎంత ఉంటుంది, సామాన్లు ఏమున్నాయి, సాయంత్రం పిల్లలు ఇంటికి ఎలా వెళతారు. ఇవి చాలు.

చివరి ప్రశ్న చాలామందికి తట్టదు. సగం మంది పిల్లలు బడి వదలగానే ఒకే బస్సు ఎక్కి వెళ్లిపోయే చోట, "రోజూ సాయంత్రం గంటసేపు కోచింగ్ ఇస్తాను" అని రాస్తే, ఆ బడి గురించి మీకేమీ తెలియదని అక్కడే బయటపడిపోతుంది. అలాంటి చోట ప్రాక్టీసు మధ్యాహ్నం విరామంలోనో, ఉదయం బడి మొదలయ్యే ముందో పెట్టుకోవాలి. ఆ సంగతి ఉత్తరంలో ఒక్క వాక్యంలో కనిపించినా చదివేవాళ్లు ఆగి చూస్తారు.

మైదానం కొలత మీరే తీసుకోవచ్చు. ఇంటి దగ్గర టేపుతో 20 మీటర్లు కొలిచి, మామూలుగా నడుస్తూ ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టండి. 26 అడుగులు పడ్డాయనుకుందాం. బడికి వెళ్లినప్పుడు మైదానం పొడవునా నడిస్తే 130 అడుగులు వస్తే, అది 100 మీటర్లు. వెడల్పు 65 అడుగులైతే 50 మీటర్లు. వెళ్లడం కుదరకపోతే కంప్యూటర్లో Google Maps తెరిచి, ఉపగ్రహ చిత్రంలో బడి మైదానం మీద మౌస్ కుడి బటన్ నొక్కితే Measure distance అని వస్తుంది. దాంతో సుమారుగా తెలుస్తుంది. కానీ ఆ చిత్రం పాతదై ఉండొచ్చు. మైదానంలో కొత్త గది లేచి ఉండొచ్చు కూడా. అందుకని ఉత్తరంలో "సుమారు" అనే రాయండి.

మీ టీచింగ్ ప్రాక్టీస్ నుంచి ఒక్క క్లాసు ఏరుకోండి

అనుభవం లేదని అనుకుంటారు గానీ, కోర్సులో భాగంగా మీరు ఏదో ఒక బడిలో క్లాసులు చెప్పే ఉంటారు. లెసన్ ప్లాన్ల పుస్తకం తీయండి. దాన్నంతా ఉత్తరంలోకి ఎక్కించకండి. "టీచింగ్ ప్రాక్టీసులో వివిధ ఆటలు బోధించాను" అన్న వాక్యం ఆ పుస్తకం అంత బరువున్నా ఏమీ చెప్పదు. ఒక్క క్లాసు ఏరుకోండి. పిల్లలు ఎక్కువ, సామాను తక్కువ ఉన్న క్లాసు అయితే మేలు. పల్లె బడిలో మీకు ఎదురయ్యేది అదే.

ఆ క్లాసును హెడ్మాస్టరుకు అర్థమయ్యేలా చెప్పాలంటే లెక్క కావాలి. ఒక ఉదాహరణ చూద్దాం. క్లాసులో 36 మంది, రెండు వాలీబాల్ బంతులు, 40 నిమిషాల పీరియడ్. మొదటి రోజు చాలామంది కొత్తవాళ్లు చేసేది ఇదీ: అందర్నీ ఒక వరుసలో నిలబెట్టి, ఒక బంతితో ఒక్కొక్కరి చేత సర్వీసు కొట్టిస్తారు. బంతి తెచ్చుకోవడంతో కలిపి ఒక్కో వంతుకు 20 సెకన్లు పడుతుందనుకోండి. 36 మందికి ఒక చుట్టు పూర్తయ్యేసరికి 12 నిమిషాలు. హాజరు, వార్మప్, వరుస కట్టించడం, చివర్లో కూల్‌డౌన్ పోగా అసలు ఆటకు మిగిలేది 24 నిమిషాలే. అంటే ఒక్కో పిల్లకు వచ్చేది రెండు వంతులు, 40 సెకన్లు. మిగతా 23 నిమిషాలూ వరుసలో నిలబడి ముందువాడి జుట్టు లాగడమే. అల్లరి పుట్టేది అక్కడే. అది పిల్లల తప్పు కాదు.

ఇప్పుడు అదే క్లాసును ఆరు స్టేషన్లుగా విడగొట్టండి. ఒక్కో చోట ఆరుగురు, ఒక్కో చోట నాలుగు నిమిషాలు. రెండు స్టేషన్లలోనే బంతులు. ఒకచోట వేళ్లతో బంతిని పైకి తోయడం, ఇంకోచోట ముంజేతులతో అందుకోవడం. మూడో చోట తాడాట. నాలుగో చోట నేల మీద పరిచిన తాడుకు అటూ ఇటూ గెంతడం. ఐదో చోట గోడ మీద గీసిన వలయానికి గుడ్డ బంతి విసరడం. ఆరో చోట గుర్తుల మధ్య వంకరటింకర పరుగు. ఆరు నాలుగులు 24 నిమిషాలు. స్టేషన్ మారడానికి ఐదుసార్లు అరనిమిషం చొప్పున రెండున్నర నిమిషాలు. హాజరుకు ఐదు, వార్మప్‌కు ఐదు, కూల్‌డౌన్‌కు మూడు. మొత్తం 39న్నర. పీరియడ్‌లో సరిపోయింది.

బంతి ఉన్న చోట ఆరుగురికి ఒక బంతి, ఒక్కో వంతు 10 సెకన్లు అనుకుంటే నాలుగు నిమిషాల్లో ఒక్కొక్కరికి నాలుగు వంతులు. అలాంటివి రెండు స్టేషన్లు కాబట్టి ఎనిమిది. రెండు వంతులు ఎనిమిదయ్యాయి, మిగతా సమయం కూడా పిల్లలు కదులుతూనే ఉన్నారు. ఈ లెక్క ఉత్తరంలో మొత్తం రాయరు, ఒక్క వాక్యంలో వస్తుంది. కానీ లెక్క మీ దగ్గర ఉండాలి, ఎందుకంటే ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు కాగితం ముందుకు తోసి "ఆ ఆరు స్టేషన్లు ఇక్కడ గీసి చూపించండి" అంటారు. మీరు నిజంగా చేయని క్లాసును రాసి ఉంటే అక్కడే దొరికిపోతారు. మీ క్లాసులో ఎక్కడ దెబ్బతిందో కూడా గుర్తుంచుకోండి. పై పద్ధతిలో మామూలుగా జరిగే ఇబ్బంది ఏమిటంటే, వంకరటింకర పరుగు స్టేషన్‌ను బంతి స్టేషన్ పక్కన పెడితే బంతి వచ్చి పరుగెత్తేవాళ్ల కాళ్ల కింద పడుతుంది. ఆ రెంటినీ మైదానం రెండు చివర్లకు పెట్టాలి. ఇలాంటి చిన్న విషయం చెప్పగలిగితే మీరు చేసి చూసినవాళ్లని అర్థమవుతుంది.

వాళ్ల మైదానం గురించి ఒక పేరా

ఇక్కడ తొందరపడి పెద్ద మాటలు రాసేవాళ్లు చాలామంది. "మీ పాఠశాలలో 400 మీటర్ల ట్రాక్ ఏర్పాటు చేస్తాను" అన్న వాక్యం చూడ్డానికి గొప్పగానే ఉంటుంది. ప్రామాణిక 400 మీటర్ల ఎనిమిది లేన్ల ట్రాక్‌కు సుమారు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు కావాలి. ఆ బడి మైదానం 100, 50 అయితే మీరు కొలత తెలియకుండా రాశారని తెలిసిపోతుంది.

అదే మైదానంలో 200 మీటర్ల ట్రాక్ పడుతుందేమో చూద్దాం. రెండు తిన్నని భాగాలు 50 మీటర్ల చొప్పున, రెండు వంపులు 50 మీటర్ల చొప్పున. వంపు అంటే అర్ధవృత్తం, కాబట్టి 50ని 3.1416తో భాగిస్తే వ్యాసార్ధం 15.92 మీటర్లు. పరుగు దూరాన్ని లోపలి గీత మీద కొలవరు. సున్నంతో గీసిన గీత అయితే దానికి 20 సెంటీమీటర్ల అవతల, ఎత్తుగా గట్టు ఉంటే 30 సెంటీమీటర్ల అవతల కొలుస్తారు. మనది సున్నం గీతే కాబట్టి లోపలి గీతను 15.72 మీటర్ల వ్యాసార్ధంతో గీయాలి. లేన్ వెడల్పు 1.22 మీటర్లు, నాలుగు లేన్లకు 4.88. మొత్తం వెడల్పు 41.2 మీటర్లు, పొడవు 91.2 మీటర్లు. 100కి 50 మైదానంలో నాలుగు వైపులా నాలుగు మీటర్లకు పైగా ఖాళీ మిగులుతుంది. మధ్యలో వాలీబాల్ కోర్టు కూడా పడుతుంది. కోర్టు 18కి 9, చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే 24కి 15. ట్రాక్ లోపల తిన్నని భాగాల మధ్య ఉన్న చోటు 50కి 31 కాబట్టి ఇబ్బంది లేదు.

దీనికి కావలసింది పొడవైన టేపు, తాడు, నాలుగు మేకులు, సున్నం. మూలలు సరిగ్గా లంబంగా వచ్చాయో లేదో చూడ్డానికి తాడుతో 3, 4, 5 మీటర్ల త్రిభుజం వేస్తే చాలు. ఇదంతా మీ కోర్సులో మైదానాలు గీసే క్లాసులో నేర్చుకున్నదే. ఉత్తరంలో రాయాల్సింది మాత్రం ఒకటి రెండు వాక్యాలు. లెక్క వేసి చూశారని తెలిస్తే చాలు.

ఒక జాగ్రత్త. "మీ బడిలో సౌకర్యాలు లేకపోయినా" అని మొదలుపెట్టకండి. ఆ సామాన్లు కొనలేక ఇబ్బంది పడుతున్నది ఆ ఉత్తరం చదివే మనిషే. "ఉన్న మైదానంలో ఇది పడుతుంది" అంటే విషయం అదే, గుచ్చుకోదు. అలాగే సామాన్ల జాబితా జతచేసి కొనమని అడగడం ఉద్యోగం వచ్చాక చేసే పని.

దెబ్బలు, పతకాలు, నిలకడ

భద్రత గురించి "పిల్లల భద్రతకు ప్రాధాన్యం ఇస్తాను" అని రాస్తే సరిపోదు. మీరు చేసే పని ఒకటి చెప్పండి. క్లాసుకు ముందు మైదానం చుట్టూ ఒకసారి నడిచి గాజుపెంకులు, రాళ్లు, గుంతలు చూస్తారా? చెప్పండి. తలకు గట్టి దెబ్బ తగిలిన పిల్లను, బాగానే ఉన్నానని తను చెప్పినా సరే, ఆ రోజు మళ్లీ ఆటలోకి దింపకూడదు, ఇంట్లోవాళ్లకు చెప్పాలి, వాంతులు, మగత, గట్టి తలనొప్పి లాంటివి కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి. ఇది మీకు తెలుసని ఒక వాక్యంలో కనిపిస్తే హెడ్మాస్టరుకు సగం టెన్షన్ తగ్గుతుంది, ఆస్పత్రి దూరంగా ఉన్న ఊళ్లో మరీనూ. ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉంటే అది ఎప్పటివరకు చెల్లుతుందో రాయండి. గడువు దాటిపోయి ఉంటే దాన్ని గురించి ఎత్తకండి, ముందు మళ్లీ తీసుకోండి.

మీరు ఆటగాళ్లుగా సాధించిన పతకాలకు ఒక వాక్యం చాలు, ఏ స్థాయిలో ఆడారో ఉన్నది ఉన్నట్టు రాస్తూ. పతకాల పేరా పెద్దదైతే ఇంకో అనుమానం పుడుతుంది: ఈయన బాగా ఆడే పన్నెండు మందిని పట్టుకుని టీమ్ తయారు చేసుకుని, మిగతావాళ్లకు బంతి పడేసి వదిలేస్తాడేమో అని. చాలా బళ్లలో జరిగేది అదే కాబట్టి ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఆటలో వెనకబడిన పిల్లల కోసం, కాలో చెయ్యో సరిగా పనిచేయని పిల్లల కోసం మీరు ఏదైనా మార్చి చేసి ఉంటే అది పతకం కంటే విలువైన వాక్యం.

నిలుస్తారా అన్న ప్రశ్నకు చాలామంది "పల్లె జీవితం నాకెంతో ఇష్టం" అంటారు. దాన్ని ఎవరూ నమ్మరు. ఎక్కడ ఉంటారో, ఎలా వస్తారో, ఎప్పటి నుంచి చేరగలరో చెప్పండి. ఊళ్లోనే ఇల్లు అద్దెకు తీసుకుంటానంటే అది. రోజూ బస్సులో వస్తానంటే ఆ బస్సు మొదటి గంటకు ముందే అందుతుందని చూసుకున్న సంగతి. ఐదేళ్లు ఉంటాను, పదేళ్లు ఉంటాను అన్న మాట ఇవ్వకండి. అది మీ చేతిలో ఉన్నది కాదని వాళ్లకూ తెలుసు. ఈ విద్యా సంవత్సరం మొత్తం వేరే పరీక్షలు, కోర్సులు ఏవీ లేవని చెప్పగలిగితే అది పనికొచ్చే మాట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమంటుంది. ఈ విషయం దరఖాస్తుల్లో తరచూ కనిపిస్తుంది. మాట నిజమే, కానీ అది మీ గురించి ఏమీ చెప్పదు, పైగా ఆ రెండు లైన్లలో మీ క్లాసు గురించి రాసుకోవచ్చు.

ఇక ఉత్తరం

పైన చెప్పిన ఊహా బడినే తీసుకుని రాస్తే ఉత్తరం ఇలా వస్తుంది. ఖాళీలు మీ వివరాలతో నింపుకోండి. వాక్యాలు మాత్రం ఎత్తి రాయకండి, ఎందుకంటే ఇందులో బలమంతా ఆ క్లాసు, ఆ మైదానం నిజమైనవి కావడంలో ఉంది.

> తేదీ: ……
>
> గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,
> …… ఉన్నత పాఠశాల, …… గ్రామం.
>
> విషయం: వ్యాయామ ఉపాధ్యాయ పోస్టుకు దరఖాస్తు. మీ ప్రకటన తేదీ: ……
>
> ఆర్యా,
>
> మీ పాఠశాలలో ఖాళీగా ఉన్న వ్యాయామ ఉపాధ్యాయ పోస్టుకు దరఖాస్తు చేసుకుంటున్నాను. ఈ సంవత్సరం …… కళాశాల నుంచి వ్యాయామ విద్యలో డిగ్రీ పూర్తి చేశాను. ప్రస్తుతం ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతిలో ఉంది. …… తేదీ నుంచి ఎప్పుడైనా చేరగలను.
>
> టీచింగ్ ప్రాక్టీసులో భాగంగా …… పాఠశాలలో ఏడో తరగతికి వాలీబాల్ నేర్పాను. 36 మందికి రెండు బంతులే ఉండేవి. అందర్నీ ఒకే వరుసలో నిలబెడితే ఒక్కొక్కరికి రెండు వంతులకు మించి రావడం లేదని గమనించి, తరగతిని ఆరు స్టేషన్లుగా విభజించాను. రెండింటిలో బంతితో సాధన, మిగతా నాలుగింటిలో తాడాట, గెంతడం, గుడ్డ బంతి విసరడం, పరుగు పెట్టాను. ఒక్కొక్కరికి బంతితో సుమారు ఎనిమిది వంతులు వచ్చాయి. కాలు సరిగా పనిచేయక ఆసరా పట్టీ వేసుకునే ఒక విద్యార్థిని పరుగుకు బదులు కుర్చీలో కూర్చుని వలయానికి బంతి విసిరింది, తర్వాత తన జట్టుకు లెక్కలు కూడా తనే చూసింది. ఆ రోజు లెసన్ ప్లాన్, మా పర్యవేక్షకుల వ్యాఖ్యతో సహా, జతపరిచాను.
>
> గత వారం మీ పాఠశాలకు వచ్చి మైదానం చూశాను. నా అంచనా ప్రకారం అది సుమారు 100 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు ఉంది. అందులో నాలుగు లేన్ల 200 మీటర్ల ట్రాక్, దాని మధ్య ఒక వాలీబాల్ కోర్టు సున్నంతో గీయవచ్చు. ఎక్కువ మంది పిల్లలు సాయంత్రం బస్సులో వెళతారని ఆఫీసులో చెప్పారు. కాబట్టి జట్ల సాధనను మధ్యాహ్న విరామంలో, ఎండ ఎక్కువగా ఉండే నెలల్లో ఉదయం మొదటి గంటకు ముందు పెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.
>
> ప్రతి క్లాసుకు ముందు మైదానం తనిఖీ చేయడం, దెబ్బ తగిలిన ప్రతిసారీ పుస్తకంలో రాసి తల్లిదండ్రులకు తెలియజేయడం నాకు అలవాటు. ప్రథమ చికిత్స సర్టిఫికెట్ …… వరకు చెల్లుతుంది. కళాశాల తరఫున అంతర్ కళాశాలల వాలీబాల్ పోటీల్లో ఆడాను.
>
> ఉద్యోగం వస్తే మీ గ్రామంలోనే ఉంటాను. ఈ విద్యా సంవత్సరంలో నాకు వేరే కోర్సులు, పరీక్షలు లేవు. అవసరమైతే ఇంటర్వ్యూ రోజున మీ విద్యార్థులకు ఒక క్లాసు తీసుకుని చూపిస్తాను.
>
> ఇట్లు,
> తమ విధేయురాలు,
> (సంతకం)
> పేరు, చిరునామా, ఫోన్ నంబరు
>
> జతపరచినవి: 1. ప్రొవిజనల్ సర్టిఫికెట్ నకలు 2. మార్కుల జాబితా 3. ప్రథమ చికిత్స సర్టిఫికెట్ నకలు 4. లెసన్ ప్లాన్ ఒకటి

ఇందులో "క్రమశిక్షణ", "నాయకత్వ లక్షణాలు", "సమష్టి కృషి" అన్న మాటలు ఎక్కడా లేవని గమనించారా? ఆ క్లాసు పేరా చదివిన మనిషికి అవి వేరే చెప్పనక్కర్లేదు. కాలికి పట్టీ ఉన్న పిల్ల పేరు కూడా లేదు. టీచింగ్ ప్రాక్టీసులో కలిసిన పిల్లల పేర్లు, ఫోటోలు దరఖాస్తులో పెట్టకూడదు. జతచేసే లెసన్ ప్లాన్‌లో పేర్లు ఉంటే వాటిని కొట్టేసి నకలు తీయండి.

మీది వాలీబాల్ కాకపోవచ్చు, మైదానం చూడ్డానికి వెళ్లలేకపోయి ఉండొచ్చు. అప్పుడు ఆ వాక్యాలు తీసేయండి. "మైదానం చూశాను" అని రాసి, ఇంటర్వ్యూలో "చెట్టు ఏ వైపు ఉందో చూశారా?" అని అడిగితే నీళ్లు నమిలే పరిస్థితి వద్దు. ఫోన్‌లో తెలిసిందైతే ఫోన్‌లో తెలిసిందనే రాయండి.

పంపే ముందు, పంపిన తర్వాత

ఒకేసారి ఐదారు బళ్లకు రాసేవాళ్లు ఒక ఉత్తరాన్ని కాపీ చేసి పేరు మాత్రం మారుస్తారు. పై చిరునామాలో పేరు మారుతుంది, లోపల మూడో పేరాలో పాత బడి పేరు అలాగే ఉండిపోతుంది. దరఖాస్తు చెత్తబుట్టలోకి వెళ్లడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. పూర్తయ్యాక బడి పేరు, పోస్టు పేరు, తేదీ, ఈ మూడింటి కోసమే ఒకసారి చదవండి. ఆ తర్వాత ఒకసారి పైకి చదవండి. ఊపిరి అందని వాక్యం ఉంటే దాన్ని రెండు చేయండి.

చేత్తో రాయమని ప్రకటనలో అడిగితే చేత్తోనే రాయాలి. లేకపోతే టైపు చేసి, పీడీఎఫ్ చేసి పంపండి. ఫైలుకు మీ పేరు, పోస్టు పేరు పెట్టండి. "కొత్తది ఫైనల్ 2" అని ఉన్న ఫైలు ఆఫీసులో ఎవరిదో తెలియకుండా పోతుంది. సర్టిఫికెట్లు ఒక్కోటి వేరుగా కాక అన్నీ ఒకే ఫైలులో, ఉత్తరంలో రాసిన వరుసలో ఉండాలి. మీ గురించి ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చని పేర్లు ఇస్తుంటే, టీచింగ్ ప్రాక్టీసులో మీ క్లాసు చూసిన పర్యవేక్షకులు అందరికంటే సరైన మనిషి. ముందు ఆయన్ను అడిగి ఒప్పించుకోండి, ఉత్తరం నకలు ఒకటి ఆయనకూ పంపండి. బడి వాళ్లు ఫోన్ చేసి ఆ ఆరు స్టేషన్ల క్లాసు గురించి అడిగితే, ఆయనకు అది గుర్తుండాలి.

వారం పది రోజులు చూసి కబురు రాకపోతే ఆఫీసుకు ఫోన్ చేసి, దరఖాస్తు అందిందా అని మాత్రం అడగండి. ఇంటర్వ్యూకు పిలిస్తే ఆటల బూట్లతో, మెడలో విజిల్‌తో వెళ్లండి, సంచిలో ఒక తాడు, రెండు గుడ్డ బంతులు పెట్టుకోండి. క్లాసు తీసుకుని చూపిస్తానని మీరే రాశారు, "సరే, ఆరో తరగతి పిల్లలు బయట ఉన్నారు, వెళ్లండి" అని అప్పటికప్పుడు అన్నా అనొచ్చు.